తొట్టెలోని మెదడు తన గురించి తాను ఏమనగలదు?

ఒక మెదడును పుర్రెలోంచి బయటికి తీసి, పోషక ద్రవం నింపిన తొట్టెలో ఉంచారనుకుందాం. దాని నరాల కొసలన్నిటినీ ఒక పెద్ద కంప్యూటర్‌కి కలిపారు. కళ్లు, చెవులు, చర్మం పంపాల్సిన సంకేతాలన్నీ ఇప్పుడు ఆ కంప్యూటరే పంపుతోంది. మెదడు చెయ్యి ఎత్తాలనుకుంటే ఆ ఆదేశాన్ని అందుకుని, చెయ్యి లేచినట్టు కనిపించేలా, బరువు తెలిసేలా సంకేతాలు వెనక్కి పంపుతుంది. ఆ మెదడుకి పొద్దున్నే కాఫీ వాసన తగులుతుంది. కిటికీ అవతల వేపచెట్టు కనిపిస్తుంది. దాని అనుభవంలో ఎక్కడా అతుకు ఉండదు. ఇప్పుడు సందేహవాది అడుగుతాడు: నువ్వు ఆ మెదడువి కాదని నీకెలా తెలుసు?

మామూలుగా తోచే జవాబులేవీ ఇక్కడ పనికిరావు. చెట్టును ముట్టుకుని చూస్తానంటే ఆ స్పర్శ కూడా కంప్యూటర్ పంపిందే కావచ్చు. పక్కవాళ్లను అడుగుతానంటే ఆ పక్కవాళ్లూ కంప్యూటర్ చూపిస్తున్నవాళ్లే కావచ్చు. 1641లో ఫ్రెంచ్ తత్త్వవేత్త దెకార్త్ సర్వశక్తులూ ఉన్న ఒక మోసగాడిని ఊహించి ఇదే ప్రశ్న వేసుకున్నాడు. తనను మోసం చెయ్యని దేవుడు ఉన్నాడని నిరూపించి దాంట్లోంచి బయటపడ్డాడు. ఆ నిరూపణను ఒప్పుకోలేని మనకు ప్రశ్న మాత్రం మిగిలిపోయింది.

ఈ ప్రశ్నకు నాకు తెలిసిన జవాబులన్నిటిలోకీ వింతైనదాన్ని అమెరికన్ తత్త్వవేత్త హిలరీ పట్నం ఇచ్చాడు. 1981లో వచ్చిన 'రీజన్, ట్రూత్ అండ్ హిస్టరీ' పుస్తకం మొదటి అధ్యాయంలో అది ఉంది. మనం తొట్టెలో లేమనడానికి ఆయన రుజువులేవీ పోగు చెయ్యలేదు. "నేను తొట్టెలో మెదడుని" అనే వాక్యాన్ని పట్టుకుని, దాంట్లోని మాటలకు అర్థం ఎక్కడినుంచి వస్తోందని అడిగాడు. ఈ జవాబు చాలామందికి మాటల గారడీలా అనిపిస్తుంది. నాకలా అనిపించదు. ఇది సందేహాన్ని పూర్తిగా తుడిచెయ్యదు, నిజమే. కానీ ఎంత తుడుస్తుందో, ఎక్కడ ఆగిపోతుందో ఓపిగ్గా చూస్తే, మనల్ని భయపెడుతున్నది మనం అనుకున్నది కాదని తెలుస్తుంది.

పట్నం ఒక చీమతో మొదలుపెడతాడు. ఇసుక మీద ఒక చీమ పాకుతోంది. అది పాకిన దారి వంకర్లు తిరిగి, అనుకోకుండా, విన్‌స్టన్ చర్చిల్ బొమ్మలా కుదిరింది. చీమ చర్చిల్ బొమ్మ గీసిందా? లేదు. దానికి చర్చిల్ ఎవరో తెలియదు, ఆయన్ని చూడలేదు, బొమ్మ గీసే ఉద్దేశమూ లేదు. ఆ గీతలో చర్చిల్ కనిపిస్తున్నది మనకు. అంటే పోలిక ఒక్కటే ఉంటే ఒకటి ఇంకొకదాని బొమ్మ అయిపోదు. ఇంతవరకూ ఎవరూ కాదనరు.

తర్వాతి అడుగు ఇంకొంచెం లోతైనది. చెట్లే లేని ఒక గ్రహం మీద మనలాంటి మనుషులున్నారు. ఒకరోజు అక్కడ ఒక కాగితం పడింది. దాని మీద చెట్టు బొమ్మ ఉంది. వాళ్లు దాన్ని తేరిపార చూసి, ఇదేమిటో అర్థం కాక తలలు పట్టుకున్నారు. వాళ్ల మనసులో ఆ బొమ్మ ముద్ర పడింది. మనం చెట్టును తలుచుకున్నప్పుడు మన మనసులో మెదిలే రూపానికీ దానికీ తేడా లేదు. అయినా అది మన బొమ్మే కాబట్టి, ఏదో దారిలో మన చెట్లతో దానికి సంబంధం ఉందనుకోవచ్చు. ఆ సంబంధాన్ని కూడా తీసేద్దాం. కాగితం మీద రంగు ఒలికి, అనుకోకుండా చెట్టులా కుదిరింది. అప్పుడు ఆ ముద్ర దేన్నీ సూచించదు. మన మనసులోని చెట్టూ వాళ్ల మనసులోని మరకా లోపలినుంచి చూస్తే ఒకటే. ఒకటి చెట్టును గురించిన తలపు, రెండోది కాదు. తేడా లోపల లేనప్పుడు బయటే ఉండాలి.

పట్నం ఈ ఆలోచనను అంతకు ఆరేళ్ల ముందే, 1975లో, అర్థం గురించి రాసిన ఒక పెద్ద వ్యాసంలో వివరంగా పెట్టాడు. అక్కడి ఉదాహరణ ఇప్పుడు చాలా ప్రసిద్ధం. భూమికి అచ్చం జంటలాంటి గ్రహం ఒకటి ఉంది. అక్కడ నదుల్లో పారేదీ, దాహం తీర్చేదీ, ఆకాశం నుంచి కురిసేదీ చూడ్డానికి, రుచికి నీళ్లలాగే ఉంటుంది. కానీ అది H₂O కాదు, ఇంకేదో సంక్లిష్టమైన పదార్థం. దాన్ని XYZ అందాం. కాలం 1750. నీటిలో ఏముందో ఇంకా ఎవరికీ తెలియదు. భూమి మీద ఒకడు, ఆ గ్రహం మీద అతని జంటవాడు, ఇద్దరూ "నీళ్లు" అంటున్నారు. ఇద్దరి తలల్లో ఉన్న నమ్మకాలు, బొమ్మలు, దాహం అన్నీ సరిసమానం. అయినా మొదటివాడి మాట H₂Oను సూచిస్తుంది, రెండోవాడి మాట XYZను సూచిస్తుంది. మాటకు అర్థం తలలోపల పూర్తిగా దొరకదు. మనం ఏ పదార్థంతో మెలుగుతూ ఆ మాట వాడుతున్నామో, ఆ పదార్థం కూడా అర్థంలో భాగం. తత్త్వవేత్తలు దీన్ని బాహ్యవాదం అంటారు. రెండు ఐదువందల నోట్లు కాగితంలో, సిరాలో, నీటిగుర్తులో ఏ తేడా లేకుండా ఉన్నా, ఒకటి రిజర్వ్ బ్యాంక్ జారీ చేసింది కావచ్చు, ఇంకొకటి కాకపోవచ్చు. నోటును ఎంత పరీక్షగా చూసినా దాని చరిత్ర దాని మీద ఉండదు. మాట సంగతీ అంతే.

ఇక తొట్టె దగ్గరికి వద్దాం. పట్నం సందేహవాది కథను తీసుకుని ఒక ముఖ్యమైన మార్పు చేశాడు. చాలామంది దీన్ని గమనించకుండా దాటేస్తారు. మామూలు కథలో ఒక దుర్మార్గుడైన శాస్త్రవేత్త ఉంటాడు. పట్నం వాణ్ణి తీసేశాడు. ఆయన కథలో ప్రాణులందరి మెదళ్లూ ఎప్పుడూ తొట్టెల్లోనే ఉన్నాయి. వాటిని చూసుకునే యంత్రాలు ఎవరూ తయారు చెయ్యకుండా ఊరికే అలా ఏర్పడ్డాయి. ఎందుకిలా? శాస్త్రవేత్త ఉంటే అతను చెట్లను చూసినవాడై ఉంటాడు, చెట్లను మనసులో పెట్టుకునే ప్రోగ్రాం రాసి ఉంటాడు. మనం చూడని సముద్రం గురించి చూసినవాళ్ల ద్వారా మాట్లాడగలుగుతున్నాం. అలాగే ఆ మెదడు మాటలు శాస్త్రవేత్త ద్వారా నిజమైన చెట్ల దాకా చేరుకుంటాయనే వాదనకు చోటుంటుంది. ఆ దారి కూడా మూసేస్తే తప్ప పరీక్ష శుభ్రంగా ఉండదు.

అలాంటి తొట్టెలో పుట్టి, అక్కడే బతికిన ఒక మెదడు "ఎదురుగా చెట్టుంది" అనుకుంది. దాని "చెట్టు" అనే మాట దేన్ని సూచిస్తుంది? మన చెట్లను కాదు. వాటితో దానికి ఏనాడూ, ఎవరి ద్వారానూ సంబంధం లేదు. దాని లోపలి రూపం మన చెట్టులా ఉందనడం చీమ గీసింది చర్చిల్‌లా ఉందన్నట్టే. ఆ మాటను అది వాడిన ప్రతిసారీ వెనక ఉన్నది కంప్యూటర్‌లోని ఒక స్థితి, లేదా ఆ స్థితి పుట్టించే సంకేతాల వరస. కాబట్టి ఆ మాట దేన్నైనా సూచిస్తే వాటినే సూచించాలి. "తొట్టె" అనే మాట గతీ ఇదే. తాను ఉన్న అసలు తొట్టెను ఆ మాట సూచించదు. నిజానికి ఆ మెదడుకి కలిగే అనుభవాలన్నిటికీ ఆ తొట్టె ఒక ఆధారమే. కానీ "తొట్టె" అనే మాట వాడుకకూ దానికీ ప్రత్యేకమైన సంబంధం లేదు. నీళ్లతొట్టె చూసినట్టు అనిపించినప్పుడు ఆ మాట వాడుతుంది కాబట్టి, ఆ అనుభవాన్ని పుట్టించే కంప్యూటర్ స్థితే దాని తొట్టె.

దీంతో పట్నం వాదన మూడు వాక్యాల్లో చెప్పొచ్చు. నేను ఎప్పటినుంచో తొట్టెలో ఉన్న మెదడునైతే, నా భాషలో "చెట్టు" చెట్లను సూచించదు. నా భాషలో "చెట్టు" చెట్లను సూచిస్తుంది. కాబట్టి నేను అలాంటి మెదడుని కాను.

మన దేశంలో పెరిగిన పాఠకుడికి ఇక్కడ శంకరాచార్యులు గుర్తుకు రావడం సహజం. బ్రహ్మసూత్రాల రెండో అధ్యాయంలో "నాభావ ఉపలబ్ధేః" అనే సూత్రానికి భాష్యం రాస్తూ ఆయన విజ్ఞానవాద బౌద్ధులను ఎదుర్కొంటాడు. లోపలి జ్ఞానమే బయట ఉన్నట్టు కనిపిస్తుందని వాళ్లంటే, బయట అనేదే లేనప్పుడు "బయట ఉన్నట్టు" అనే పోలిక ఎలా పుట్టిందని అడుగుతాడు. విష్ణుమిత్రుడు గొడ్రాలి కొడుకులా కనిపిస్తున్నాడని ఎవరూ అనరు కదా అంటాడు. ప్రత్యర్థి తాను కాదంటున్నదాన్నే వాడుకుని మాట్లాడుతున్నాడని పట్టుకోవడంలో ఇద్దరూ ఒక్కటే. తేడా కూడా ఉంది. శంకరుడు అనుభవం నుంచి, పోలిక నుంచి వాదించాడు. పట్నం మాట ఒక వస్తువును ఎలా అందుకుంటుందనే ప్రశ్న నుంచి వాదించాడు. ఒకదాన్ని ఇంకొకదానికి ముందుచూపు అనుకుని గర్వపడాల్సింది ఏమీ లేదు. పక్కపక్కన పెట్టి చదివితే మాత్రం రెండూ బాగా తెలుస్తాయి.

మా పిన్ని కొడుకు ఇంజనీరింగ్ చదువుతున్నాడు. ఈ వాదన వాడికి చెప్పినప్పుడు వెంటనే, "అన్నయ్యా, రెండో వాక్యం నీకెలా తెలుసు? నీ 'చెట్టు' చెట్లను సూచిస్తుందని తెలియాలంటే నువ్వు తొట్టెలో లేవని ముందే తెలియాలి కదా" అన్నాడు. సరిగ్గా తగలాల్సిన చోటే తగిలింది ఆ దెబ్బ. తత్త్వశాస్త్ర పత్రికల్లో ఇదే అభ్యంతరాన్ని ఆంథొనీ బ్రూక్నర్ 1986లో పదునుగా పెట్టాడు. పట్నం వాదన గెలిచినా, "నేను తొట్టెలో మెదడుని" అనే వాక్యం ఎవరి నోట్లో ఉన్నా అబద్ధమే అవుతుందని మాత్రమే తెలుస్తుంది. ఆ వాక్యం నా నోట్లో ఏం చెబుతోందో తెలియాలంటే నేను మామూలు తెలుగు మాట్లాడుతున్నానో, తొట్టెలోని తెలుగు మాట్లాడుతున్నానో తెలియాలి. అది తెలియదనే కదా గొడవంతా.

ఈ అభ్యంతరం బలమైనదే అయినా గెలవదని నేననుకుంటున్నాను. కారణం కాస్త నెమ్మదిగా చెప్పాలి.

"నా భాషలో 'చెట్టు' అనే మాట చెట్లను సూచిస్తుంది" అనే వాక్యం నాకు ఎలా తెలుసు? చెట్లను చూసి తెలుసుకున్నది కాదు. చెట్లు ఏ పదార్థంతో చేసినవో నాకు తెలియాల్సిన పనిలేదు. నేను వాడుతున్న మాటతోనే ఆ మాట అర్థాన్ని చెబుతున్నాను కాబట్టి, ఆ వాక్యం తప్పయ్యే అవకాశం లేదు. 1750లో నీళ్ల రసాయనం తెలియని మనిషి కూడా "నేను 'నీళ్లు' అనేది నీళ్లనే" అని చెప్పగలడు, అది నిజం. ఇక తొట్టెలోని మెదడు సంగతి చూడండి. అది కూడా "నా భాషలో 'చెట్టు' చెట్లను సూచిస్తుంది" అంటుంది. దాని భాషలో ఆ వాక్యం కూడా నిజమే, ఎందుకంటే దాని "చెట్లు" ఆ కంప్యూటర్ స్థితులే, దాని మాట సూచించేది కూడా వాటినే. మాట్లాడేవాడు ఎక్కడున్నా ఈ వాక్యం తప్పు కాదు. అలాంటప్పుడు దాన్ని వాడుకోవడానికి ముందు నేనెక్కడున్నానో తేల్చుకోవాలనడం న్యాయం కాదు.

సరే, ఆ మెదడుని మిగతా వాదన కూడా చెయ్యనివ్వండి. "నేను తొట్టెలో మెదడునైతే నా 'చెట్టు' చెట్లను సూచించదు, సూచిస్తోంది, కాబట్టి నేను తొట్టెలో మెదడుని కాను" అని అది ముగిస్తుంది. ఇక్కడ చాలామంది చప్పట్లు కొట్టి, చూశారా, తొట్టెలో ఉంటూనే లేనని నిరూపించుకుంది, వాదన కుప్పకూలింది అంటారు. కానీ దాని ముగింపు వాక్యం దాని భాషలో ఏం చెబుతోంది? దాని "తొట్టె" అంటే తొట్టె అనుభవాన్ని పుట్టించే కంప్యూటర్ స్థితి. దాని "మెదడు" అంటే అదే తీరులో ఇంకొక స్థితి. తాను ఆ తొట్టెలో ఉన్న ఆ మెదడు కాదని అది అంటోంది. అది నిజంగానే కాదు. దాని అనుభవంలో దానికి కాళ్లూ చేతులూ ఉన్నాయి, వీధిలో నడుస్తోంది. అంటే ఈ వాదనను ఎవరు చేసినా, ఎక్కడుండి చేసినా, చేరేది నిజం దగ్గరికే. మొదలు నిజం, నడక సరైనది, ముగింపు నిజం. నిరూపణ అనేదాన్నుంచి అంతకుమించి ఏం అడగగలం?

ఇంకో సంగతి కూడా బయటపడింది. తొట్టెలోని ఆ మెదడు "ఎదురుగా చెట్టుంది" అన్నప్పుడు తప్పేమీ అనడం లేదు. దాని భాషలో చెట్టంటే ఏదో అది ఎదురుగా ఉంది. మోసపోయిన జీవిగా మనం జాలిపడ్డ ఆ మెదడు తన ప్రపంచం గురించి చాలావరకు నిజాలే చెబుతోంది. 2003లో తత్త్వవేత్త డేవిడ్ చామర్స్ ఈ దారినే ఇంకా ముందుకు తీసుకెళ్లాడు. కంప్యూటర్ లోపలే పుట్టి పెరిగినవాడికి బల్లలూ చెట్లూ లేకపోవు, అవి సమాచారపు తునకలతో చేసినవై ఉంటాయి, అంతే అన్నాడు. బల్ల గట్టిగా కనిపించినా దాని పరమాణువుల లోపల ఎక్కువగా ఖాళీయేనని భౌతికశాస్త్రం చెప్పినప్పుడు మనం "అయితే బల్ల లేదు" అనలేదు. బల్ల దేంతో చేసిందో తెలుసుకున్నాం అన్నాం.

వాదన చేతులెత్తేసే చోటు ఒకటుంది. ఈ వాదనను ఇష్టపడేవాళ్లు దాన్ని దాచకూడదు. సందేహవాది కథను మార్చి, నువ్వు నిన్న రాత్రిదాకా మామూలు మనిషివే, నిద్రలో ఉండగా నీ మెదడును తీసి తొట్టెలో పెట్టారు అంటే ఏం చెయ్యాలి? నిన్నటిదాకా నేను నిజమైన చెట్లను చూశాను. నా మాటలు వాటికే అంటుకుని ఉన్నాయి. ఒక్క రాత్రిలో అవి ఊడిపోవు. కాబట్టి ఈ పొద్దున "నేను తొట్టెలో మెదడుని" అని నేనంటే అది అచ్చంగా భయంకరమైన నిజమే కావచ్చు. పట్నం వాదన ఇక్కడ ఒక్క అడుగు కూడా వెయ్యలేదు. ఏళ్లు గడిచాక మాటలు మెల్లగా కొత్త పరిసరాలకు మారిపోతాయని కొందరంటారు. ఎన్నేళ్లకో, ఎలాగో చెప్పే గీత మాత్రం ఎవరూ గియ్యలేదు.

అయినా ఈ కొత్త కథలో సందేహవాది ఎంత వదులుకున్నాడో చూడండి. నిన్నటిదాకా నేను నిజమైన ప్రపంచంలో ఉన్నానని ఒప్పుకున్నాడు. అక్కడ చెట్లున్నాయి, ఆసుపత్రులున్నాయి, శస్త్రచికిత్సలున్నాయి. ఆ ప్రపంచం గురించి నాకు తెలిసిన చాలా విషయాలు నిజాలు. వాటిలో ఒకటి, దాదాపు 8,600 కోట్ల నాడీకణాలున్న మనిషి మెదడును విడిగా బతికించి, దానికి రోజంతా అతుకు లేని అనుభవాన్ని అందించగల వైద్యం ఎక్కడా లేదన్నది. ఎవరో రహస్యంగా కనిపెట్టి ఉండొచ్చు అంటే, అది ఒక పుకారును ఎంత నమ్మాలి అనే రకం ప్రశ్న. సాక్ష్యాలతో తూచగలిగింది. నిన్నటి జ్ఞాపకాలు కూడా వాళ్లు పెట్టినవే అంటే, అప్పుడు నా మాటలు దేన్ని అందుకుంటున్నాయనే పాత ప్రశ్న మళ్లీ మొదలవుతుంది. నా జ్ఞాపకాలను పెట్టినవాళ్ల ద్వారా అవి చెట్లను అందుకుంటాయంటే, చెట్లున్న ప్రపంచం ఒకటి ఉందని మళ్లీ ఒప్పుకున్నట్టే. చెట్లు ఏనాడూ లేవు, ఏదీ ఏనాడూ లేదు అని చెప్పే పెద్ద సందేహానికి పట్నం జవాబుంది. నిన్న రాత్రి నాకు ఏదో జరిగిందనే చిన్న సందేహానికి మామూలు సాక్ష్యం ఉంది. రెండిటినీ కలిపి ఒకే కథగా చెప్పినంతకాలమే అది అజేయంగా కనిపిస్తుంది.

ఇక తత్త్వవేత్త థామస్ నేగెల్ 1986లో వేసిన ప్రశ్న దగ్గరికి రావాలి. నాకు నిద్రపట్టనివ్వని ప్రశ్న ఇదే. సరే, తొట్టెలోని మెదడు తాను తొట్టెలో ఉన్నాననే నిజాన్ని తలపోయలేదని ఒప్పుకుందాం అంటాడాయన. దాంతో తేలిందేమిటి? "నేను తొట్టెలో మెదడుని కావచ్చు" అనే మాటల్లో నా సందేహాన్ని చెప్పకూడదని తేలింది. అప్పుడు "నేనేమిటో, ఎక్కడున్నానో తలపోయడానికి కావాల్సిన భావాలే నాకు లేకపోవచ్చు" అని చెప్పుకుంటాను. ఇది అంతకన్నా దారుణమైన సందేహం కదా?

దీన్ని తోసిపుచ్చడం నాకు చేతకాదు. తొట్టె కథలో మనకూ ఆ మెదడుకీ మధ్య ఒక సంబంధం ఉంది. మనకు తెలిసినదేదో దాని భావాలకు అందదు. మనకూ ఇంకేదానికో మధ్య అలాంటి సంబంధమే ఉండొచ్చని చెప్పడానికి "తొట్టె", "మెదడు" అనే మాటలు అక్కర్లేదు. "ఏదో ఒకటి", "కారణం", "అందకపోవడం" లాంటి సాధారణమైన మాటలు చాలు. చెట్టు అనే మాటకు చెట్లతో సంబంధం కావాల్సినట్టు, "ఏదో ఒకటి" అనే మాటకు ఫలానా వస్తువుతో సంబంధం అక్కర్లేదు. కాబట్టి బాహ్యవాదం ఈ రూపాన్ని ఆపలేదు.

కానీ ఈ రూపంలో సందేహం ఏమంటోంది? చెట్లు లేవనడం లేదు. నేను కూర్చున్న కుర్చీ కల్ల అనడం లేదు. వాటి అట్టడుగున మన ఊహకు అందనిదేదో ఉండొచ్చు అంటోంది. ఉండొచ్చు. వానపాముకు బీజగణితం అందనట్టు మనకూ కొన్ని అందకపోవచ్చన్నది వినయంగా ఒప్పుకోవాల్సిన మాట. దాన్నుంచి నా రోజువారీ నమ్మకాలు ఒక్కటి కూడా అబద్ధం కావు. మొదట్లో సందేహవాది మనల్ని బెదిరించింది నీకు తెలిసిందంతా తప్పు అని. చివరికి మిగిలింది నీకు తెలియంది ఇంకా ఉండొచ్చు అని. ఈ రెండిటికీ చాలా దూరం. ఆ దూరం నడిపించింది అర్థాల గురించిన వాదనే. నేగెల్ దీన్ని తక్కువ చేసి చూశాడని నా అభిప్రాయం.

అయితే ఈ ఓదార్పు చెట్లకు సరిపోయినంతగా మనుషులకు సరిపోదు. దీని గురించి రాసినవాళ్లలో చాలామంది బల్లలు, చెట్లు, నీళ్ల దగ్గరే ఆగిపోతారు. నాకు అసలు కష్టం అక్కణ్నుంచే మొదలవుతుంది. చెట్టు కంప్యూటర్ స్థితి అయితే కానివ్వండి. నీడ ఇస్తుంది, కాయ కాస్తుంది, దాని పేరు దానికే అంటుకుని ఉంది. నాకు ఇబ్బంది లేదు. కానీ నేనొక్కణ్నే ఉన్న తొట్టెలో నా "అమ్మ" అనే మాట కూడా ఇదే లెక్కన ఒక కంప్యూటర్ స్థితిని సూచిస్తుంది. నా భాషలో "అమ్మ ఉంది" నిజమే అవుతుంది. ఆ నిజం నాకు అక్కర్లేదు. అమ్మ అన్నప్పుడు నేను కోరుకునేది నా అనుభవాలకు కారణమైన ఏదో ఒకటి ఉండడం కాదు. నేను మాట్లాడితే వినేవాళ్లు, నాకు కనిపించని వైపునుంచి కూడా తమకు తామై ఉన్నవాళ్లు ఉండాలి. మాట దేన్ని అందుకుంటుందో చెప్పే సిద్ధాంతం ఆ అవతలి వైపు గురించి ఏ హామీ ఇవ్వదు.

పట్నానికి ఇది తెలుసనే అనుకుంటాను. ఆయన కథలో ఒక్క మెదడు కాకుండా ప్రాణులందరి మెదళ్లూ తొట్టెల్లో ఉన్నది అందుకే కావచ్చు. అక్కడ నేను మాట్లాడితే ఆ యంత్రాల ద్వారానే అయినా ఇంకొక నిజమైన మనసు వింటుంది. అంటే ఆయన మనుషుల ప్రశ్నను తీర్చలేదు, కథ కట్టేటప్పుడే పక్కకు పెట్టాడు.

తీర్చడానికి ప్రయత్నించినవాడు ఇంకో తత్త్వవేత్త, డొనాల్డ్ డేవిడ్‌సన్. ఆయన లెక్క ప్రకారం, కారణాల గొలుసు ఒక్కటే ఉంటే మాటకు అర్థం రాదు. నేను "చెట్టు" అన్నప్పుడు దాని వెనక కారణాలు ఎన్నో ఉంటాయి. చెట్టు ఉంది, దాని మీదినుంచి వచ్చిన వెలుతురు ఉంది, కంటిపొర మీద పడ్డ ముద్ర ఉంది, నరంలో కదిలిన సంకేతం ఉంది. వీటిలో ఏది నా మాటకు అర్థం? ఒక్కణ్నే ఉంటే దీన్ని తేల్చే దారి లేదు. ఇంకొక మనిషి అదే చెట్టుకు స్పందిస్తూ, నా స్పందనకు కూడా స్పందిస్తూ ఉన్నప్పుడు, మా ఇద్దరి చూపులూ కలిసే చోట ఉన్న వస్తువే అర్థంగా నిలుస్తుంది. పిల్లవాడు మాట నేర్చుకునే తీరు ఇదే. తల్లి చెట్టు చూపిస్తుంది, వాడు చెట్టును చూస్తాడు, ఆమె ముఖం చూస్తాడు. ఇది నిజమైతే రెండో మనిషి లేకుండా అర్థమే లేదు, అర్థం లేకుండా సందేహమూ లేదు. "నేనొక్కణ్నే ఉన్నానేమో" అని అడగగలిగినవాడు ఒక్కడే ఉన్నవాడు కాడు.

ఈ వాదన నిజం కావాలని నాకెంతో ఉంది. అయినా నేను దీన్ని పూర్తిగా ఒప్పుకోలేకపోతున్నాను. చూపులు కలిసే చోటును తేల్చడానికి రెండు స్పందనలు సరిపోతాయని ఆయన చూపించాడు. రెండో స్పందన వెనక ఒక మనసు ఉండి తీరాలని చూపించినట్టు నాకు అనిపించదు. లోపల ఎవరూ లేకుండానే నా మాటకు సరిగ్గా స్పందించే యంత్రం ఉంటే కూడా నేనూ, అదీ, చెట్టూ మూడు మూలలుగా ఆ త్రికోణం గీయవచ్చేమో. గీయలేమని చెప్పాలంటే, స్పందనకూ అర్థం చేసుకోవడానికీ మధ్య తేడా బయటినుంచి తెలిసేదే అయ్యుండాలి. బాహ్యవాదం తన సొంత పద్ధతిలో ఆ తేడాను ఎలా చెబుతుందో నాకు ఇంకా దొరకలేదు. వెతకాల్సింది అక్కడే అని మాత్రం నాకు గట్టిగా అనిపిస్తోంది. చెట్ల సంగతి పట్నం తేల్చాడు.